ఈసీజీ బాగుంది, మరి గుండె ఎందుకు అదిరింది?

ఆ రాత్రి తీసిన ఈసీజీ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. పైన టైము 11.52 అని, పక్కన గుండె వేగం నిమిషానికి 134 అని ఉంటుంది. దాని కింద మెషీన్ తనంతట తానే అచ్చు వేసిన రెండు మాటలు: సైనస్ టాకీకార్డియా. ఆ మాటలు చూసి మా చెల్లెలు అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. పేరు పెట్టారంటే జబ్బు ఉన్నట్టే కదా అని ఆమె భయం.

మా మేనకోడలికి పదహారేళ్లు. అనంతపురంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఆ రోజు నైట్ స్టడీ అవర్ అయిపోయి, పుస్తకాలు సర్దుకుని లేచింది. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంది. ఊపిరి అందలేదు. పెదాల చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిరి మొదలైంది. కాసేపటికి వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, మళ్లీ తెరుచుకోలేదు. "నేను చచ్చిపోతాండా" అని పక్క మంచం అమ్మాయి చెయ్యి పట్టుకుందట. వార్డెన్ ఆటోలో హాస్పిటల్‌కు తీసుకొచ్చింది. నా ఇల్లు దగ్గరే కాబట్టి ముందు నేను చేరుకున్నాను. ధర్మవరం నుంచి చెల్లెలూ బావా తర్వాత వచ్చారు. అప్పటికి పాప ముఖానికి ఆక్సిజన్ మాస్కు, చేతికి గ్లూకోజ్. పన్నెండున్నరకల్లా లేచి కూర్చుని మంచినీళ్లు అడిగింది. నాడి 88.

ఐదు వారాల్లో ఇలా మూడుసార్లు జరిగింది. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు బీపీ డౌన్ అన్నారు. ఇంకొకరు స్టెతస్కోపు పెట్టి వాల్వులో ఏదో శబ్దం ఉన్నట్టుందని గుండెకు తీసే స్కాన్, ఎకో రాశారు. ఎకో బాగుంది. ఇరవై నాలుగు గంటలు ఒంటికి కట్టి ఉంచే హోల్టర్ మెషీన్ పెట్టారు, అదీ బాగుంది. గుండె అంటే మా వైపు వాళ్లకు మొదట గుర్తొచ్చేది పుట్టపర్తి, తర్వాత బెంగళూరు. బావ బెంగళూరు ప్రయాణానికి డబ్బులు సర్దుకుంటున్నాడు. మా అమ్మ దిష్టి తీసి, మనవరాలి చేతికి తాయెత్తు కట్టించింది.

నేను జువాలజీ లెక్చరర్‌ని. అడ్రినల్ గ్రంథి బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. అయినా ఆ మూడుసార్లూ నేను కూడా గుండెనే చూశాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. చదువుకున్న ఇంట్లోనే ఇంత తిరగాల్సి వస్తే, మిగతా ఇళ్లలో ఎలా ఉంటుందో ఊహించగలను.

ముందు ఆ కాగితం మీది మాట సంగతి. గుండె కుడివైపు పై గదిలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. గుండె లయకు తాళం కొట్టేది అదే. సైనస్ టాకీకార్డియా అంటే తాళం మొదలవ్వాల్సిన చోటే మొదలవుతోంది, వెళ్లాల్సిన దారిలోనే వెళ్తోంది, వేగం మాత్రం పెరిగింది అని అర్థం. నాలుగు అంతస్తులు గబగబా ఎక్కించి ఈసీజీ తీస్తే ఎవరికైనా ఇదే మాట అచ్చవుతుంది. పదహారేళ్ల పిల్లల గుండె ఆటల్లో నిమిషానికి రెండు వందల దాకా వెళ్లి తిరిగొస్తుంది. కాబట్టి 134 అనే అంకె గుండె చెడిపోయిందని చెప్పడం లేదు. గుండెను పరిగెత్తమని ఎవరో ఆజ్ఞ ఇచ్చారని చెబుతోంది. ఆ ఆజ్ఞ ఎవరిచ్చారన్నదే అసలు ప్రశ్న.

సాయంత్రం పూట చెనక్కాయ చేను గట్టు మీద నడుస్తున్నారనుకోండి. కాలి ముందు నల్లగా, వంకరగా ఏదో కనిపించింది. పామా కాదా అని ఆలోచించే లోపే మీరు వెనక్కి దూకేసి ఉంటారు. దూకాక చూస్తే అది డ్రిప్ పైపు. ఆ దూకించింది మెదడులో చెవుల పైభాగానికి కాస్త లోపలగా, రెండు పక్కలా ఉండే అమిగ్డలా. బాదంగింజ ఆకారంలో ఉంటుంది కాబట్టి గ్రీకు భాషలో బాదానికి ఉన్న పేరే దానికి పెట్టారు. దానికి తీరిగ్గా పరీక్షించే ఓపిక లేదు. పైపును పామనుకుంటే పోయేదేమీ లేదు, పామును పైపనుకుంటే ప్రాణం పోతుంది. అందుకని అనుమానం వస్తే చాలు అలారం మోగించేస్తుంది.

అలారం మోగగానే కబురు హైపోథాలమస్‌కు, అక్కడి నుంచి సహానుభూత నాడుల ద్వారా ఒళ్లంతటికీ క్షణాల్లో చేరుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల లోపలి భాగం అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతుంది. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ దీన్ని 'పోరాడు లేదా పారిపో' సన్నాహంగా 1915లో వివరించాడు. పరిగెత్తాలంటే తొడ కండరాలకు రక్తం కావాలి, కాబట్టి గుండె వేగం పెరుగుతుంది. పొట్ట నుంచి, చర్మం నుంచి రక్తం అటు మళ్లుతుంది, కాబట్టి కడుపులో తిప్పుతుంది, చేతులు చల్లబడతాయి. కండరాలు బిగుసుకుంటాయి. పక్కటెముకల మధ్య కండరాలు కూడా బిగుసుకోవడంతో ఛాతీలో నొప్పి, పట్టేసినట్టు అనిపిస్తుంది. ఇందులో ఏదీ కల్పన కాదు, నటన అసలే కాదు. పాప ఒంట్లో ఆ రాత్రి నిజమైన అడ్రినలిన్ నిజంగానే పారింది.

అడ్రినలిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. కొద్ది నిమిషాల్లోనే శరీరం దాన్ని విరగ్గొట్టేస్తుంది. అలారం మళ్లీ మళ్లీ మోగకపోతే దడ దానంతటదే దిగిపోతుంది. పాపకు వచ్చినట్టు ఉన్నట్టుండి ముంచుకొచ్చే ఈ భయాన్నే పానిక్ అటాక్ అంటారు. అది సాధారణంగా పది నిమిషాల్లోపు పతాక స్థాయికి చేరి, అరగంట లోపల సద్దుమణగడం ఇందుకే. హాస్పిటల్ చేరి, గ్లూకోజ్ పెట్టేసరికి తగ్గిపోతుంది. గ్లూకోజ్ వల్లే తగ్గిందని మేమందరం నమ్మాం.

ఊపిరి సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాపను ఎక్కువ భయపెట్టింది అదే. ఊపిరి ఆడడం లేదని ఆమె అంటున్నప్పుడు వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 100 చూపిస్తోంది. అంటే రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంది. మామూలుగా కూర్చున్నా అది 97, 98 ఉంటుంది. ఎంత గాలి పీల్చినా అంతకు మించి చేర్చగలిగింది దాదాపు ఏమీ లేదు. కానీ గబగబా పీల్చి వదిలినప్పుడు ఒక వాయువు మాత్రం చాలా పోతుంది. అది కార్బన్ డై ఆక్సైడ్. దాన్ని మనం చెత్త వాయువని పిల్లలకు చెప్పేస్తాం గానీ, రక్తంలో అది ఒక కొలతలో ఉండి తీరాలి. తగ్గితే రక్తం కొద్దిగా క్షారం వైపు జరుగుతుంది. అప్పుడు రక్తంలో విడిగా తిరగాల్సిన కాల్షియంలో కొంత ప్రొటీన్లకు అతుక్కుపోతుంది. నాడులు చిన్న కదలికకే స్పందించేటట్టు తయారవుతాయి. పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కడం, వేళ్లు ముడుచుకుపోవడం దీని పనే. మెదడుకు వెళ్లే రక్తనాళాలు కూడా కాస్త సన్నబడతాయి. అందుకే కళ్లు తిరిగినట్టు, చుట్టూ ఉన్నదంతా గాజు అద్దం వెనక ఉన్నట్టు అనిపిస్తుంది.

మరి ఊపిరి అందనట్టు ఎందుకు ఉంటుంది? భయంలో మనం గాలి పీల్చుకుంటూనే ఉంటాం, పూర్తిగా వదలం. ఛాతీ అప్పటికే నిండి ఉంటుంది. నిండిన కుండలో ఇంకా నీళ్లు పోయాలని చూసినట్టు, పీల్చిన ప్రతిసారీ చాలడం లేదనిపిస్తుంది. దాంతో ఇంకా గబగబా పీలుస్తారు, కార్బన్ డై ఆక్సైడ్ ఇంకా పడిపోతుంది. ఆ సమయంలో పక్కనున్నవాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చు" అంటారు. నేనూ అదే అన్నాను. అది తప్పు సలహా. అప్పుడు చేయాల్సింది వదలడం. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు మెల్లగా తీసుకుని, ఆరు లెక్కపెట్టేంత సేపు వదిలితే చాలు.

ఇప్పుడు మళ్లీ హాస్టల్ గదిలోకి వద్దాం. చేను గట్టు మీద అయితే డ్రిప్ పైపు కనిపించగానే మనసు కుదుటపడుతుంది. హాస్టల్ గదిలో పామూ లేదు, పైపూ లేదు. అలారం మాత్రం మోగుతోంది. బయట కారణం దొరకనప్పుడు మనసు ఒంటి లోపల వెతుకుతుంది. గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. 'గుండెకే ఏదో అయింది' అనుకోగానే అమిగ్డలాకు అది కొత్త ప్రమాదం, అలారం మళ్లీ మోగుతుంది, గుండె ఇంకా వేగం అందుకుంటుంది. తన మోతకే తాను ఉలిక్కిపడే అలారం ఇది. శరీరంలో కలిగే మామూలు మార్పును ముంచుకొస్తున్న ప్రాణాపాయంగా చదువుకోవడమే పానిక్‌కు కీలకమని బ్రిటన్‌కు చెందిన మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించాడు. నేడు దీనికి చేసే థెరపీలో ఎక్కువ భాగం ఆ ఆలోచన మీదే నడుస్తోంది.

గుండెజబ్బని పొరబడడం కూడా కొత్తది కాదు. అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన వైద్యుడు జేకబ్ డా కోస్టా, ఛాతీ నొప్పి, దడ, ఆయాసం ఉండి గుండెలో మాత్రం లోపం కనబడని సైనికుల గురించి 1871లో రాశాడు. దానికి 'చిరాకు గుండె' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పానిక్ డిజార్డర్ అన్న విడి పేరు అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలోకి వచ్చింది 1980లో.

మాకు దారి చూపింది హోల్టర్ రిపోర్టు చదివిన కార్డియాలజిస్టే. "గుండె బాగుంది. ఇక దీని కోసం వెతకడం ఆపండి, సైకియాట్రిస్టును కలవండి" అన్నారు. చెల్లెలికి ఆ మాట గుండెజబ్బు కంటే కష్టంగా తోచింది. పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయారని తెలిస్తే రేపు సంబంధాలు వస్తాయా అని రెండు రోజులు ఒప్పుకోలేదు. ఆమెను నేను తప్పు పట్టను. ఆ భయం ఊళ్లో వాళ్ల మాటల్లోంచి వచ్చింది.

సైకియాట్రిస్టు మేడం పాపతో నలభై నిమిషాలు మాట్లాడారు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడిగారు: "దడ ముందు వచ్చిందా, భయం ముందు వచ్చిందా?" పాప ఆలోచించి చెప్పింది. ఆ రోజు రాత్రి అన్నం సరిగా తినలేదు. నిద్ర ఆగడానికి రెండుసార్లు స్ట్రాంగ్ కాఫీ తాగింది. కింద కూర్చుని చదువుతూ గబుక్కున లేచింది. గుండె నాలుగు దెబ్బలు గట్టిగా కొట్టుకుంది. "తాత గుర్తొచ్చినాడు" అంది. అంతకు ఏడు నెలల ముందు మా నాన్న ఇంట్లోనే, గుండె పట్టుకుని, పాప చూస్తుండగా పోయాడు. ఆయనకు డెబ్బై ఒకటి. ఆ రోజు నుంచి ఆ పిల్ల తన గుండె చప్పుడు వింటూ పడుకుంటోందని మాకెవరికీ తెలియదు.

తర్వాత మేడం వాచీ చూస్తూ, ఒక్క నిమిషం నోటితో గబగబా గాలి పీల్చి వదలమన్నారు. పాపకు ఉబ్బసం, ఫిట్స్ లేవని ముందే అడిగి, గుండె రిపోర్టులన్నీ చూశాకే ఈ పని చేయించారు. ఇంట్లో చేసి చూడాల్సింది కాదిది. యాభై సెకన్లు కూడా కాకముందే పాప ఆపేసి వేళ్లు చూపించింది. "ఇదే మేడం! తిమ్మిరి, తల తిరగడం, అన్నీ ఇట్లే వస్తాయి." నెమ్మదిగా వదలమన్నారు. రెండు మూడు నిమిషాల్లో అన్నీ పోయాయి. "ఒక్క నిమిషంలో నీ గుండెకు జబ్బొచ్చి, మూడు నిమిషాల్లో నయమైపోయిందా?" అని అడిగారు. పాప ఏడుస్తూనే నవ్వింది. మేము చెప్పిన వంద మాటలు చేయలేని పని ఆ ఒక్క నిమిషం చేసింది.

ఇది చదివి ఎవరైనా, పిల్లలకు దడ వస్తే పానిక్ అని కొట్టిపారేస్తే అంతకంటే పెద్ద తప్పు ఉండదు. రెండో వైపు పొరపాటూ జరుగుతుంది. ఎస్వీటీ అనే గుండె లయ సమస్య ఈ వయసులోనూ బయటపడుతుంది, చాలామందికి దాన్నే టెన్షన్ అని పంపేస్తారు. దాని తీరు వేరు. స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ తీసినట్టు ఆగుతుంది, వేగం తరచూ 180 దాటుతుంది. పానిక్ దడ అలా ఒక్కసారిగా తెగదు, మెల్లగా దిగుతుంది. దడ లేనప్పుడు తీసిన ఈసీజీలో ఎస్వీటీ దొరక్కపోవచ్చు. అందుకే దడ ఉండగానే తీసిన ఆ 11.52 కాగితానికి అంత విలువ. ఆటలాడుతూ, పరిగెత్తుతూ స్పృహ తప్పినా, శ్రమ చేసినప్పుడే ఛాతీ నొప్పి వచ్చినా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉన్నా, ఆక్సీమీటర్ అంకె పడిపోతున్నా, పిల్లికూతలు వినిపిస్తున్నా అది పానిక్ అనుకోకూడదు. పానిక్‌లో పడిపోతానేమో అనిపిస్తుంది గానీ, బీపీ సాధారణంగా పెరుగుతుంది కాబట్టి నిజంగా స్పృహ తప్పడం అరుదు. చిన్నప్పుడు జ్వరంతో కీళ్లు వాచిన పిల్లలకు వాల్వులు తప్పక చూపించాలి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ కావాలి. మా పాపకు హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. రక్తం తక్కువైతే గుండె కొంచెం ఎక్కువ కొట్టుకుంటుంది. భయానికి అగ్గిపుల్ల అందించినట్టే. ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు.

ఒకసారి ఇవన్నీ చూసి బాగున్నాయని తేలాక మాత్రం ఆపాలి. ఈ మాట మాకు కష్టంగా ఎక్కింది. ఎకో బాగుందని తెలిసిన రోజు పాప హాయిగా నిద్రపోయింది. మూడు రోజులకు 'అప్పుడు బాగుంది, ఇప్పుడు ఎట్లుందో' అని మొదలు. బావ ప్రేమతో కొనిచ్చిన ఆక్సీమీటర్‌ను రోజుకు ముప్పై నలభై సార్లు వేలికి పెట్టుకునేది. ప్రతి పరీక్షా కాసేపు ఊరటనిచ్చి, 'పరీక్షించుకోవాల్సినంత ప్రమాదం ఉంది' అనే పాఠాన్ని అమిగ్డలాకు ఇంకోసారి చెబుతుంది. మేడం మొదట తీసేయించింది ఆ ఆక్సీమీటర్‌నే.

రెండోది మాత్ర. తెలిసినవాళ్లు మెడికల్ షాపులో ఆందోళన తగ్గించే అల్ప్రాజోలం ఇప్పించారు. అది పూర్తిగా పనిచేయడానికి అరగంటో గంటో పడుతుంది, అప్పటికి అటాక్ దానంతటదే పోయి ఉంటుంది. అయినా పేరు మాత్రకే వస్తుంది. తర్వాత పర్సులో మాత్ర లేకపోతే పిల్ల గడప దాటదు. పైగా అలవాటు పడిపోయే మందు అది. కాగితం సంచిలో ఊపిరి తీసుకోవడమనే పాత చిట్కానూ ఇప్పుడు వైద్యులు వద్దంటున్నారు. అది ఉబ్బసమో మరొకటో అయితే ప్రాణం మీదికి వస్తుంది.

పాపకు చేసింది సీబీటీ అనే థెరపీ, వారానికొకటి చొప్పున పది సెషన్లు. ఆ శిక్షణ ఉన్న సైకాలజిస్టు ఊళ్లో మాకు దొరకలేదు, సగం సెషన్లు వీడియో కాల్‌లో జరిగాయి. భయపడే లక్షణాలనే కావాలని తెప్పించుకోవడం అందులో ముఖ్యమైన పని. ఉన్నచోటే ఒక నిమిషం పరిగెత్తడం, కుర్చీలో గిర్రున తిరగడం, సన్నటి స్ట్రాతో ఊపిరి తీసుకోవడం. దడ వచ్చినా నాడి చూసుకోకుండా, మంచినీళ్ల సీసా పట్టుకోకుండా, అది దిగిపోయేదాకా అక్కడే ఉండాలి. అలా చాలాసార్లు ఉంటే, ఈ చప్పుడు పాము కాదని అమిగ్డలా తనే నేర్చుకుంటుంది. తగ్గకపోతే సెర్ట్రాలిన్ లాంటి మందు తక్కువ డోసులో మొదలుపెడతామని మేడం చెప్పారు. అది పనిచేయడానికి వారాలు పడుతుంది, మొదటి వారాల్లో పిల్లల మనసులో చావు ఆలోచనలు వస్తున్నాయేమో ఇంట్లోవాళ్లు గమనించాలి. మాకు ఆ అవసరం రాలేదు. కొందరికి తప్పక అవసరమవుతుంది, అందులో తప్పేమీ లేదు. ఎవరిని కలవాలో తెలియని వాళ్లు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ టెలి మానస్ సేవ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మమ్మల్ని కూడా మేడం ఒక విషయంలో దిద్దారు. అటాక్ వచ్చినప్పుడు మేము "నీకేం లేదు" అనేవాళ్లం. ఒళ్లంతా వణికిపోతున్న పిల్లకు అది 'నువ్వు అబద్ధం చెబుతున్నావు' అన్నట్టు వినిపిస్తుంది. "ఇది అలారం. పది నిమిషాల్లో దిగడం మొదలవుతుంది. నేనిక్కడే ఉన్నా. గాలి వదులు" అనమన్నారు. చుట్టూ మూగవద్దన్నారు. చెల్లెలు ఆ మాటలు ఒక కాగితం మీద రాసుకుని ఫ్రిజ్‌కు అంటించుకుంది, వార్డెన్‌కూ ఒక కాపీ ఇచ్చింది.

ఏడో సెషన్ తర్వాత ఒక ఆదివారం పాప ఒక్కతే ధర్మవరం బస్సెక్కింది. కిటికీ పక్కన, తలుపుకు దూరంగా కూర్చోమన్నది ఆ వారం హోంవర్క్. పదిన్నరకు నాకు మెసేజ్ వచ్చింది. "వచ్చింది మామా. టైము రాసుకున్నా. 9.14 నుంచి 9.31. బస్సు దిగలా."